వానలో కుర్చీ వేసుకున్న మనిషి

ఆ ఊళ్ళో నాలుగు చినుకులు గట్టిగా పడితే చాలు, అందరి ఫోన్లలోకీ ఒకే మొహం వస్తుంది. రోడ్డంతా పిక్కల లోతు నీళ్ళు, ఆ నీళ్ళ మధ్య నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో యాభై దాటిన ఒక మనిషి, చేతిలో టీ గ్లాసు. మొహంలో కంగారూ లేదు, కోపమూ లేదు. పైన తెల్లటి పట్టీ మీద నల్లటి అక్షరాలు. "పొద్దున్నే బండి కడిగించాను" అని ఒకరు రాస్తారు. "ఇవాళైనా దుప్పట్లు ఆరతాయనుకున్నాను" అని ఇంకొకరు. "అక్కడక్కడా తేలికపాటి జల్లులు అన్నారు, అక్కడక్కడా అంటే మా వీధే" అని మరొకరు. రాత మారుతుంది గానీ బొమ్మ మారదు.

ఆ బొమ్మలోని మనిషిని ఊరంతా వానబాబాయి అంటుంది. అంతకు ముందు ఆయన పంక్చర్ బాబాయి. అంతకు ముందు ఆయనకి సొంత పేరు కూడా ఉండేది గానీ, దాన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయి అది ఇంట్లో భార్య కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే వస్తువైపోయింది.

రెండు వైపుల నుంచీ పల్లంగా దిగే రోడ్డు సరిగ్గా అడుగుకి చేరేచోట ఉంది ఆయన పంక్చర్ షాపు. షాపంటే రేకుల కింద ఒక గాలి మిషను, నల్లబడిన నీళ్ళ తొట్టి, గోడకి వేలాడే పాత ట్యూబులు, కూర్చోవడానికి ఆ నీలం కుర్చీ. ట్యూబుని తొట్టిలో ముంచి బుడగలెక్కడ లేస్తున్నాయో చూసి, అక్కడ గరుకుగా రుద్ది, జిగురు రాసి ముక్క అతికిస్తాడు. వానాకాలంలో ఇంకో పని తోడవుతుంది. నీళ్ళలోకి దూసుకెళ్ళి ఆగిపోయిన బండ్లన్నీ అక్కడికే తోసుకొస్తారు. బండిని వెనక్కి లేపి సైలెన్సర్లో నీళ్ళు వంచేసి, ప్లగ్గు విప్పి తుడిచి, ఆరబెట్టి మళ్ళీ బిగిస్తాడు.

మంచివాడే, కానీ మొహమాటం మనిషి. భోజనానికి లేవబోతుండగా ఎవరో "ఒక్క నిమిషం బాబాయ్" అంటే కూర్చుండిపోతాడు. కాదు అనే మాట ఆయన నోట్లోంచి వచ్చేసరికి ఎదుటివాడు పని చేయించుకుని వెళ్ళిపోయి ఉంటాడు. "మీరు ముందు పుట్టారా, మీ మొహమాటం ముందు పుట్టిందా?" అని భార్య అడుగుతూ ఉంటుంది. దానికీ ఆయన నవ్వుతాడు.

ఆ ఫోటో వెనక కథ ఇది. షాపుకి నాలుగడుగుల అవతల, నడిచే దారిలో, మురుగు కాలువ మీద ఒక గొయ్యి ఉంది. చదరంగా, మనిషి భుజాలు పట్టేంత వెడల్పు. లోతు ఆ కాలువకే తెలియాలి. ఇసుక లారీ ఒకటి వెనక్కి వస్తూ దాని మూత మీదికెక్కి ముక్కలు చేసి, ఆ ముక్కల్ని లోపలికే పడేసి తన దారిన తను పోయింది. బాబాయి ఒక లారీ టైరు దొర్లించుకొచ్చి గొయ్యి మీద అడ్డంగా పడేశాడు. కొన్నాళ్ళు అదే మూత.

ఓ మధ్యాహ్నం, ఎండ మీదున్నప్పుడే, మబ్బు కమ్మి వాన దిగింది. చూస్తుండగానే రెండు పల్లాల నీళ్ళూ వచ్చి అడుగున చేరాయి. నీళ్ళంటే నీళ్ళు కావు, టీ డికాషన్. కింద ఏముందో కనపడదు. అంతలో ఒక బస్సు విసురుగా పోయింది, దాని అల టైరుని పక్కకి నెట్టేసింది. చంకలో బిడ్డతో ఒకావిడ సరిగ్గా అటే వస్తోంది. బాబాయి జీవితంలో మొదటిసారి గొంతు చించుకుని అరిచాడు. ఆవిడ ఆగింది. అడుగు దూరంలో ఆగింది.

బాబాయి తన కుర్చీ తెచ్చి గొయ్యి మీద పెట్టాడు. నాలుగు కాళ్ళూ సిమెంటు అంచు మీద ఆనుతున్నాయి, గొయ్యి సరిగ్గా కుర్చీ కింద ఉంది. అమ్మయ్య అనుకుని ఇలా తిరిగాడో లేదో, కుర్చీ తేలుకుంటూ టీకొట్టు వైపు బయల్దేరింది. ప్లాస్టిక్ కుర్చీకి బరువెక్కడిది? పట్టుకొచ్చి మళ్ళీ పెట్టి, ఈసారి తానే దాని మీద కూర్చున్నాడు. మనిషి బరువుకి కుర్చీ కదలలేదు. ఎడమ చెయ్యి చాపి వచ్చేవాళ్ళందరినీ అవతలి పక్కకి పొమ్మంటూ, వాన తగ్గి నీళ్ళు తీసేదాకా అలాగే ఉన్నాడు. టీకొట్టాయన నీళ్ళలో దిగి వచ్చి చేతిలో ఒక గ్లాసు పెట్టాడు.

ఎదురు మేడ మీద ట్యూషన్లు చెప్పే టీచరమ్మ ఆ రోజు పిల్లలు రాలేక ఖాళీగా ఉంది. బాల్కనీలోంచి ఫోటో తీసి వీధి గ్రూపులో పెట్టింది. కింద వివరంగా రాసింది కూడా: "పంక్చర్ షాపు దగ్గర మూత లేదు, బాబాయి గారు కాపలా కూర్చున్నారు, అందరూ అవతలి పక్క నుంచి నడవండి." ఆ ఫోటోలో అన్నీ ఉన్నాయి. పక్కకి తప్పుకుంటున్న బిడ్డతల్లి ఉంది, దారి చూపించే చెయ్యి ఉంది, కొట్టుకుపోయిన టైరు ఉంది.

ఆ గ్రూపులో ఎవరికో బాబాయి మొహం నచ్చింది. బొమ్మని మాత్రం ఫోన్లో దాచుకున్నాడు. రాసిన మాటలు బొమ్మతో పాటు రావు కదా, అవి గ్రూపులోనే ఉండిపోయాయి. తర్వాత బొమ్మని చదరంగా కత్తిరించాడు. బిడ్డతల్లి పోయింది, టైరు పోయింది. చాపిన చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయి, కుర్చీ చేతి మీద తీరిగ్గా ఆనించినట్టు తయారైంది. మిగిలిందల్లా వరదలో టీ తాగుతున్న మనిషి. పైన ఒక పట్టీ పెట్టి రాశాడు: "ఈ ఆదివారం బోలెడు ప్లాన్లు వేసుకున్నాను."

సాయంత్రానికి అది ఊరు దాటింది.

ఇదంతా బాబాయికి విడమరిచి చెప్పింది కూతురు. ఆ పిల్ల ఫోటో స్టూడియోలో పని చేస్తుంది. పాస్‌పోర్టు ఫోటోల్లో మొటిమలు తీసేయడం, కుటుంబం ఫోటోలో రాని మావయ్యని తెచ్చి నిలబెట్టడం ఆమె పని.

"దీన్ని టెంప్లేట్ అంటారు నాన్నా. బొమ్మ ఒకటే, మాట ఎవరిది వాళ్ళది. చూడగానే అర్థమైపోవాలి, చదివేవాడు ఇది నా గోలే అనుకోవాలి. అదే మీమ్."

"ఈ మూల ఏదో రాసుందే?"

"అది పేజీ పేరు. వాళ్ళు తీసినట్టు ముద్ర వేసుకుంటారు. ఇంకో పేజీవాళ్ళు ఆ మూల కత్తిరించి తమ ముద్ర వేసుకుంటారు. అందుకే నువ్వు రోజురోజుకీ చిన్నగా అయిపోతున్నావు."

నిజమే. స్క్రీన్‌షాటుకి స్క్రీన్‌షాటు తీసి పంపుకోగా బాబాయి మొహం అలుక్కుపోయింది. ఎవరో చుట్టూ ఉన్న నీళ్ళన్నీ చెరిపేసి, కుర్చీతో సహా ఆయన్ని కత్తిరించి స్టిక్కర్ చేశారు. ఇక ఆయన వెళ్ళని చోటు లేదు. సముద్రం మధ్యలో కూర్చున్నాడు, పరీక్ష హాల్లో కూర్చున్నాడు, చంద్రుడి మీద కూర్చున్నాడు. వానాకాలం దాటగానే మాయమై, మళ్ళీ మొదటి మబ్బుకి "సీజన్ ప్రారంభం" అని ప్రత్యక్షమయ్యేవాడు.

నవ్వుకున్నవాళ్ళని తప్పు పట్టలేం. బస్సు రాదు, ఆటోవాడు ఫోనెత్తడు, ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, ఇంటికి వెళ్ళే దారి కాలువై పారుతూ ఉంటుంది. రోడ్డుని తిట్టి రోడ్డు బాగుపడ్డ దాఖలాలు లేవు. అలాంటప్పుడు నవ్వక ఏం చేస్తారు? బాబాయికి కూడా మొదట్లో బాగానే ఉండేది. ట్యూబు అతికించుకోవడానికి వచ్చినవాడు "మీరే కదూ" అని అడిగితే సిగ్గుపడుతూ తల ఊపేవాడు. మొహమాటస్తుడికి ఉన్నట్టుండి పేరొస్తే ఎలా ఉంటుందో ఆయన్ని చూస్తే తెలిసేది. భార్య మాత్రం ఒకే మాట అడిగేది.

"అందరూ నవ్వుతున్నారు సరే. మూత ఎవరు వేస్తారండీ?"

ఆ మాట మీదే ఆయన డ్రైనేజీ ఆఫీసుకి వెళ్ళాడు. దారి పొడుగునా చెప్పాల్సింది కూడబలుక్కున్నాడు. లోపలికి అడుగుపెట్టగానే గుమాస్తా గుర్తుపట్టాడు. పక్క గదుల్లోంచి జనం వచ్చారు. గోల విని ఆఫీసరే బయటికొచ్చి, "అరె, మీరా. మా ఇంట్లో రోజూ మీరే. మా ఆవిడ మీ స్టిక్కర్ లేకుండా ఒక్క మెసేజీ పెట్టదు" అని భుజం మీద చెయ్యి వేశాడు. కుర్చీలో కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. గ్లాసు ఎత్తి పట్టుకోమన్నారు, ఎత్తి పట్టుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు.

"అయ్యా, ఆ గొయ్యికి మూత..." అన్నాడు బాబాయి సందు చూసుకుని.

"చూద్దాం చూద్దాం. మీ పని కాకపోతే ఇంకెవరిది అవుతుంది?" అన్నాడు ఆఫీసరు. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు, ఆ నిమిషానికి నిజంగానే చూద్దామనుకున్నాడు. తర్వాత ఫోటో చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. రెండోసారి నొక్కి అడగడానికి బాబాయికి మొహం చెల్లలేదు. అంత మర్యాద చేసినవాళ్ళని పట్టుకుని మూత మూత అంటే ఏం బాగుంటుంది?

"అడిగారా?" అంది భార్య.

"అడిగాను."

"ఏమన్నారు?"

"టీ ఇచ్చారు."

మళ్ళీ వానాకాలం వచ్చింది. గొయ్యి అలాగే ఉంది. గట్టి వాన పడ్డప్పుడల్లా బాబాయి కుర్చీ మోసుకెళ్ళి దాని మీద కూర్చుంటున్నాడు, ఎవరూ చెప్పకపోయినా అది ఆయన డ్యూటీ అయిపోయింది. ఒకటే తేడా. అంతకు ముందు ఆయన చెయ్యి ఊపితే జనం పక్కకి పోయేవాళ్ళు. ఇప్పుడు చెయ్యి ఊపితే దగ్గరికి వస్తున్నారు. వానబాబాయి మళ్ళీ కూర్చున్నాడట అని పక్క వీధుల నుంచి కూడా ప్యాంట్లు మడుచుకుని ఫోన్లు ఎత్తిపట్టుకుని వస్తున్నారు. "గొయ్యి ఉంది, వెళ్ళండి" అంటే, "సూపర్ బాబాయ్, అదే డైలాగు ఇంకోసారి" అంటున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

ఆ సాయంత్రం వాన ఆఫీసులు వదిలే వేళకి కుమ్మేసింది. బాబాయి చుట్టూ నలుగురైదుగురు మూగారు. అందులో ఒక జంట ఉంది. సినిమాకని బయల్దేరి తడిసిపోయి, టికెట్లు వృథా అయిపోయి, ఆ దిగులు తీరడానికి బాబాయితో ఒక ఫోటో చాలనుకున్నారు పాపం. అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. అబ్బాయి ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాబాయ్, వెనకాల గోడ తప్ప ఏమీ పడట్లేదు. కుర్చీ కొంచెం ఇటు జరుపుతారా? షాపు బోర్డు కూడా వస్తుంది."

"కుదరదు బాబూ, కింద గొయ్యి ఉంది."

"ఒక్క నిమిషం బాబాయ్. ప్లీజ్. ఇవాళ అన్నీ పాడైపోయాయి."

ఒక్క నిమిషం. ఆ మాటకి ఆయన జీవితంలో ఎన్నడూ కాదనలేదు. గొయ్యికి అడ్డంగా మనుషులు నిలబడే ఉన్నారు కదా అనుకున్నాడు. లేచాడు, కుర్చీని రెండు బారలు ఇటు జరిపాడు, కూర్చున్నాడు. గ్లాసు ఎత్తమంటే ఎత్తాడు. ఫోటో సరిగ్గా రావడానికి చుట్టూ ఉన్నవాళ్ళంతా పక్కకి తప్పుకున్నారు. అది ఆయన గమనించలేదు, ఎందుకంటే ఆయన ఫోను వైపు చూస్తున్నాడు.

వెనకాల ఏదో నీళ్ళలో పడ్డ చప్పుడైంది. తిరిగి చూస్తే ఒక గొడుగు, బోర్లా పడి, గిర్రున తిరుగుతోంది.

ఆ గొడుగు ఆయనకి తెలుసు. రోజూ షాపు ముందు నుంచే వెళ్తుంది. మలుపులో ఉన్న మందుల షాపులో పనిచేసే అమ్మాయిది.

కుర్చీ ఎటు పోయిందో, గ్లాసు ఎటు పోయిందో. బాబాయి ఆ నీళ్ళలో బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి గొయ్యిలోకి దూర్చాడు. వేళ్ళకి ఏదో పట్టీ తగిలింది. ఆమె భుజానికి అడ్డంగా వేసుకున్న సంచీ పట్టీ. దాన్ని వదల్లేదు. టీకొట్టాయన పరిగెత్తుకొచ్చి బాబాయి నడుం పట్టుకుని లాగాడు. సినిమా అబ్బాయి ఫోను జేబులో పడేసి ఆమె జుట్టు, తర్వాత చెయ్యి పట్టుకున్నాడు. పైకి తీసేసరికి ఆ పిల్ల నీళ్ళు తాగేసి ఉంది, ఒక కాలు ఉండాల్సినట్టు లేదు. దగ్గింది. ఆ దగ్గు వినపడ్డాకే బాబాయి పట్టీ వదిలాడు.

ఆసుపత్రిలో కాలికి రాడ్డు వేశారు. నాలుగు నెలలు నిలబడే పని చేయకూడదన్నారు. మందుల షాపులో పనంటే పొద్దస్తమానం నిలబడటమే. బాబాయి చూడటానికి వెళ్ళి, పళ్ళ సంచీతో మంచం పక్కన నిలబడ్డాడు. ఆ పిల్లే మాట కలిపింది.

"మీరు తీయకపోతే పోయేదాన్ని బాబాయ్."

"గొయ్యి సంగతి నీకు తెలుసు కదమ్మా. రోజూ ఆ దారినే పోతావు. అటెందుకు వచ్చావు?"

"మీరు కనపడ్డారు కదా. మీరు కూర్చున్నారంటే గొయ్యి మీ కిందే ఉంటుందని మీకు దూరంగా, గోడ పక్కగా నడిచాను."

బాబాయి తెచ్చిన పళ్ళ సంచీ అక్కడ పెట్టడం కూడా మర్చిపోయి, దాన్ని మోసుకుంటూనే ఇంటికొచ్చాడు. ఊరంతా నవ్వుకోవడానికి చూసిన కుర్చీని ఒక్క పిల్ల నమ్మింది. ఆ నమ్మిన పిల్ల కాలే విరిగింది, అదీ తాను జరిపిన కుర్చీ వల్ల.

ఈలోగా కొత్త మీమ్ వచ్చింది. బాబాయి నీళ్ళలో బోర్లా పడి ఉన్న ఫోటో, చుట్టూ మూగినవాళ్ళలో ఎవరు తీశారో. అమ్మాయి కనపడదు, టీకొట్టాయన కనపడడు. "బాబాయి ఈత నేర్చుకుంటున్నాడు, ఇక ఈ ఊరికి దిగుల్లేదు" అని రాసుంది. భార్య అది చూసి ఫోను మంచం మీదికి విసిరికొట్టింది.

"వాళ్ళకి తెలిసి చేసింది కాదు అమ్మా. వాళ్ళ దాకా వచ్చింది అంతే, మిగతాదంతా దారిలోనే కత్తిరించేశారు" అంది కూతురు.

"అయితే మిగతాది నువ్వు అతికించు."

కూతురు ఎదురు మేడకి వెళ్ళి టీచరమ్మ దగ్గర మొట్టమొదటి ఫోటో మొత్తం అడిగి తెచ్చింది. బిడ్డతల్లి, చాపిన చెయ్యి, టైరు, అన్నీ ఉన్నది. దాన్ని పెట్టి, జరిగిందంతా కింద రాసింది. బంధువులు చేతులు జోడించారు. టీచరమ్మ కన్నీళ్ళ బొమ్మ పెట్టింది. అంతే, ఇంకెవరూ కదల్లేదు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఫోనులో నిలకడ ఎక్కడిది? వేలు పైకి తోయడానికి పట్టేంత సేపే ఎవరైనా ఆగేది, అంత సేపట్లో అన్ని వాక్యాలు ఎవరు చదువుతారు?

కూతురు ఆలోచించింది. చదవని జనానికి చదవమని చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. జనానికి అలవాటైన పాత బొమ్మనే మళ్ళీ తీసుకుంది. పై సగంలో అందరికీ తెలిసిన బాబాయి, టీ గ్లాసు, అదే తెల్లటి పట్టీ. అందులో "మీకు కనపడేది" అని రాసింది. కింది సగంలో అదే కుర్చీ, దాని నాలుగు కాళ్ళ మధ్య నల్లటి గొయ్యి గీసింది. "కుర్చీ కింద ఉన్నది" అని రాసింది. ఆ రెండిటి మధ్య ఒకే ముక్క: "ప్లాన్లు మునిగితే మునగనీ, మనం మునగొద్దు. కుర్చీ కనపడితే పక్కకి పో." ఏ పేజీవాడు కత్తిరించినా ఆ ముక్క పోకుండా దాన్ని మూలలో కాకుండా బొమ్మ నడుమకి ఎక్కించింది. తన ముద్ర ఎక్కడా వేయలేదు.

మర్నాడు మబ్బేసింది. మబ్బుతో పాటే ఆ బొమ్మ కూడా కమ్ముకుంది.

తర్వాతి వానకి ఎక్కడో ఒక వీధిలో ఎవరో మూత లేని గొయ్యి మీద విరిగిన కుర్చీ పెట్టి, తేలిపోకుండా దాని ఒడిలో ఒక బండరాయి పెట్టారు. దాని ఫోటో వచ్చింది: "మా వీధి బాబాయి." ఇంకో వీధివాళ్ళు స్టూలు పెట్టారు. ఒకచోట ఊయల కుర్చీ కూడా పెట్టారు. జనం నవ్వుతూనే ఉన్నారు, కానీ నవ్వుతూ పక్కకి నడుస్తున్నారు. ఆ మాటే కూతురు తండ్రికి చూపించి చెప్పింది. ఆయన అన్నీ ఓపిగ్గా చూశాడు.

"ఇన్ని గోతులు ఉన్నాయా మనూళ్ళో?" అన్నాడు చివరికి.

అప్పటిదాకా ఆయన ఉన్నది ఒక్కటే అనుకున్నాడు.

ఆ వారంలోనే డ్రైనేజీ ఆఫీసు వాళ్ళ పేజీలో కూడా అది వచ్చింది. కూతురు చేసిన బొమ్మే. పైన వాళ్ళ ముద్ర వేసుకుని, "ప్రజలకు మనవి: కుర్చీ కనపడితే పక్కకి పోవలెను" అని, చివర నవ్వు బొమ్మ పెట్టారు. చాలామందికి నచ్చింది. ఆఫీసువాళ్ళకి కూడా ఎంత సరదానో అని మెచ్చుకున్నారు.

కూతురు అది చూపించినప్పుడు బాబాయి ట్యూబు తొట్టిలో ముంచి పట్టుకుని ఉన్నాడు. బుడగలు వస్తున్నాయి. ఫోనులో ఆఫీసువాళ్ళ ముద్ర చూశాడు. ఆయనకి కోపం వచ్చింది. అది కోపమేనని గుర్తుపట్టడానికి ఆయనకే కాస్త సమయం పట్టింది, అలవాటు లేదు కదా. ట్యూబు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. కుర్చీ ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

"ఎక్కడికండీ, వాన కూడా లేదు" అంది అప్పుడే అన్నం తెచ్చిన భార్య.

"వస్తాను. నువ్వు తినెయ్యి."

ఆఫీసులో మంచి రద్దీగా ఉంది. బాబాయి తిన్నగా లోపలికి వెళ్ళి, ఆఫీసరు గది ముందు, జనం నడిచే చోట, సరిగ్గా నడుమన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గుమాస్తా నవ్వుతూ లేచి, "బాబాయ్, ఫోటోకా?" అన్నాడు. బాబాయి నవ్వలేదు. ఎడమ చెయ్యి చాపి అటు పక్కగా పొమ్మని చూపించాడు. గుమాస్తా రెండడుగులు వేసి ఆగిపోయాడు. కుర్చీ కింద నేల వైపు చూశాడు. నున్నటి గచ్చు తప్ప అక్కడ ఏమీ లేదు. అయినా చుట్టూ తిరిగి గోడ పక్కగా నడిచాడు. వెనకాల వచ్చినవాళ్ళు కూడా ఒక్కొక్కరే కిందికి చూసి, గోడ పక్కగానే నడిచారు.

టీ వచ్చింది. బాబాయి వద్దన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆయనకి ఇన్నేళ్ళూ తెలియదు.

జనం మాటలు ఆగిపోవడం విని ఆఫీసరు తలుపు తీశాడు. గుమ్మానికి ఎదురుగా కుర్చీ, కుర్చీలో బాబాయి, గోడలకి అతుక్కుని నడుస్తున్న తన ఆఫీసు. ఏదో హాస్యమాడదామని నోరు తెరిచి, బాబాయి మొహం చూసి మూసేశాడు.

"ఏంటిది బాబాయ్, ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"గొయ్యి ఇక్కడే ఉందండి" అన్నాడు బాబాయి.

"లేవండి, లోపల కూర్చుని మాట్లాడుకుందాం. ఒక్క నిమిషం."

"కుదరదండి. ఒక్క నిమిషమని లేస్తే ఒక పిల్ల కాలు విరిగింది. మూతలు వేయించండి, లేస్తాను."